ప్లేట్లెట్ల పక్కనున్న అంకె

కిందటేడు సెప్టెంబర్లో మా చిన్నాడికి డెంగీ వచ్చింది. వాడికి పదమూడేళ్ళు. జ్వరం వచ్చిన మూడో రోజు రిపోర్టులో ప్లేట్లెట్లు 1,42,000. నాలుగో రోజు 96,000. ఇంక చూడండి, ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న, "ఎంతున్నాయి?" అని. మా ఆడపడుచు అయితే బొప్పాయి ఆకులు కోయించి పంపింది. ఆ పసరు తాగి వాడు ఉన్న కాస్త మజ్జిగా కక్కేశాడు.

ఐదో రోజు తెల్లారేసరికి జ్వరం లేదు. గండం గడిచిందనుకున్నాను. కానీ పిల్లాడు లేవడు, కడుపు నొప్పంటాడు, రెండుసార్లు వాంతి. పొద్దుటి నుంచీ ఒక్కసారే ఒంటేలికి వెళ్ళాడు. రిపోర్టు తీసుకుని పరుగెత్తాను. ప్లేట్లెట్లు 61,000. డాక్టరమ్మ ఆ అంకె మీద ఆగనేలేదు. పక్క వరసలో పీసీవీ అని ఉన్నదాని మీద పెన్ను పెట్టి, "మూడో రోజు కాగితం ఏదమ్మా?" అంది. అదృష్టం కొద్దీ పారెయ్యలేదు. అప్పుడు 38, ఇప్పుడు 46.

హెమటోక్రిట్ అన్నా అదేనట. రక్తంలో ఎర్రకణాలు నూటికి ఎన్ని పాళ్ళున్నాయో చెప్పే లెక్క. ఎర్రకణాలు పెరిగితే మంచిదేగా అన్నాను నేను, తెలివిగా! "పప్పులో నీళ్ళు ఇగిరిపోతే పప్పు పెరిగినట్టా?" అంది ఆవిడ. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది, రక్తం చిక్కబడుతోంది. మొదటి అంకె మీద ఐదో వంతు పెరిగిందంటే బాగా కారుతున్నట్టే. అదీ సరిగ్గా జ్వరం తగ్గే వేళకే మొదలవుతుందట. ఒక్క 46 చూసి ఏమీ చెప్పలేం, కొందరికి మామూలుగానే అంత ఉంటుంది. అందుకే పాత కాగితం అడిగింది.

వెంటనే చేర్చుకుని సెలైన్ పెట్టారు. కొన్ని గంటలకోసారి రక్తం తీసి పీసీవీ చూడడం, దాన్నిబట్టి చుక్కలు తగ్గించడం. ఎక్కువ ఎక్కిస్తే, కారిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తులకు చేటట. మా వారు ప్లేట్లెట్లు ఎక్కించమని రెండుసార్లు అడిగారు. ఎక్కడా రక్తస్రావం లేదు, అవసరం లేదంది.

ఆరో రోజు ప్లేట్లెట్లు 34,000. నా గుండె జారిపోయింది. ఆవిడేమో నవ్వింది! పీసీవీ 41కి దిగింది, నాడి బావుంది, ఒంటేలు ధారాళంగా వస్తోంది. రక్తం పోయి దిగినా ఇలాగే దిగుతుందిట, కానీ అప్పుడు పిల్లాడు ఇలా లేచి కూర్చోడు. ప్లేట్లెట్లు కాస్త ఆలస్యంగా లేస్తాయిలే అంది.

ఎనిమిదో రోజుకి 58,000. అరిచేతులు, అరికాళ్ళు ఒకటే దురదని గోక్కుంటూ, మాగాయ కలిపిన అన్నం పెట్టమని గొడవ మొదలెట్టాడు.