ఎవరి రోజు వారిదే

విజయవాడలో గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. సోమవారం తెల్లవారుజామున ఐదింటికి లేచి ఫోన్‌లో ప్రశ్నల యాప్ తెరిచింది. మంగళవారం కాస్త బద్ధకించి ఆరింటికి తెరిచింది. రెండు రోజులూ చదివింది. యాప్ మాత్రం ‘మీరు నిన్న చదవలేదు’ అంటూ, నెలగా ఒక్క రోజూ తప్పకుండా పోగేసుకున్న వరుసను చెరిపేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

యాప్ తన లెక్క తాను సరిగానే వేసింది. దాని సర్వర్ యూటీసీ సమయంతో నడుస్తుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి సర్వర్‌లో తేదీ మారేసరికి మనకు ఉదయం 5:30 అవుతుంది. సోమవారం ఐదింటి చదువు ఆదివారం రాత్రి 11:30 కింద పడింది. మంగళవారం ఆరింటిది మంగళవారం అర్ధరాత్రి దాటాక 12:30 కింద పడింది. మధ్యలో సోమవారం ఖాళీ. అదే అమ్మాయి ఒకే ఉదయం ఐదింటికోసారి, ఆరింటికోసారి తెరిచి ఉంటే రెండు రోజులు చదివినట్టు రాసుకునేది.

తమాషా ఏమిటంటే, ఐదున్నర మనకు ఇంచుమించు సూర్యోదయం వేళ. పంచాంగం రోజు కూడా సూర్యోదయంతోనే మొదలవుతుంది. కానీ డాలస్‌లో ఉండే తెలుగువాళ్లకు పంచాంగం డాలస్ సూర్యోదయాన్ని బట్టే గుణిస్తారు. అందుకే ఒక్కోసారి అక్కడి పండగ తేదీ, ఇక్కడి తేదీ వేరవుతాయి. సర్వర్‌కు ఆ పట్టింపు లేదు. వేసవిలో డాలస్ వాళ్లకు అది సాయంత్రం ఏడింటికే తేదీ మార్చేస్తుంది. భోజనానికి ముందోసారి, తర్వాతోసారి యాప్ చూసినవాడు రెండు రోజుల లెక్కల్లోకి ఎక్కుతాడు.

దిద్దుబాటు చూడ్డానికి చిన్నదే. సంఘటన జరిగిన క్షణాన్ని యూటీసీలోనే దాచి, పక్కనే ఆ మనిషి టైమ్‌జోన్ రాసుకుని, లెక్క తీసేటప్పుడు తేదీగా మార్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఇలా:

```sql
SELECT (ts AT TIME ZONE tz)::date AS local_day,
       count(DISTINCT user_id)
FROM events
GROUP BY 1;
```

ఇందులో `ts` తప్పనిసరిగా `timestamptz` అయి ఉండాలి. ఉత్త `timestamp` అయితే ఇదే వాక్యం తిరగబడి, కలపాల్సిన ఐదున్నర గంటలను తీసేస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. పట్టుకోవాలంటే ఒక్కో దేశానికి గంటలవారీ వాడకాన్ని గ్రాఫ్‌గా గీసి చూడాలి. మామూలుగా ఏ దేశంలోనైనా వాడకం బాగా పడిపోయేది అర్ధరాత్రి దాటాకే. ఆ లోయ మిట్టమధ్యాహ్నం కనిపిస్తే టైమ్‌జోన్ ఎక్కడో తప్పినట్టే.

`tz`లో `Asia/Kolkata`, `America/Chicago` లాంటి పేర్లు ఉండాలి, గంటల తేడా కాదు. మనకు ఏడాదంతా ఐదున్నరే గానీ, డాలస్‌కు చలికాలంలో ఆరు గంటల తేడా, వేసవిలో ఐదు. 2026లో అక్కడ మార్చి 8న రోజుకు 23 గంటలు, నవంబర్ 1న 25. పేరు రాసుకుంటే ఆ సర్దుబాటు డేటాబేసే చూసుకుంటుంది.

ఇంకో చిక్కు, మనుషులు ప్రయాణాలు చేస్తారు. టైమ్‌జోన్‌ను సంఘటన పక్కన కాక ప్రొఫైల్‌లో ఒక్కచోటే ఉంచితే, ఆ అమ్మాయి రేపు డాలస్ వెళ్లి ప్రొఫైల్ మార్చుకున్న క్షణాన విజయవాడలో చదివిన ఉదయాలన్నీ ముందు రోజు సాయంత్రాలైపోతాయి. జరిగిపోయిన రోజులు జరిగినచోటి తేదీతోనే ఉండిపోవాలి.

వీటన్నిటికంటే అలవాటు పడ్డానికి కష్టమైనది వేరే ఉంది. సర్వర్ రోజు ఠంచనుగా ముగుస్తుంది, మనుషుల రోజు అలా ముగియదు. జనవరి 14 అనే తేదీ ముందుగా కిరిబాటిలోని కొన్ని దీవుల్లో మొదలవుతుంది. అప్పటికి మనకింకా 13 మధ్యాహ్నం మూడున్నర. భూమ్మీద చిట్టచివరి టైమ్‌జోన్‌లో అది ముగిసేసరికి మనకు 15 సాయంత్రం ఐదున్నర. ఒకే తేదీ యాభై గంటలు బతికి ఉంటుందన్నమాట. పదిహేనో తేదీ పొద్దున్నే రిపోర్టు తెరిస్తే అమెరికా వాళ్ల పద్నాలుగు ఇంకా నడుస్తూనే ఉంటుంది. అంకె తక్కువగా కనిపించి ‘నిన్న జనం తగ్గారు’ అని కంగారు పడటం మామూలే. సాయంత్రం దాకా ఆగాలి, లేదా ఆ అంకె పక్కన ‘ఇంకా పూర్తికాలేదు’ అని రాయాలి.

అలాగని అన్నిటినీ ఇలా మార్చకూడదు. సర్వర్ మీద భారం ఎప్పుడు పెరిగింది, ఏ నిమిషంలో అది ఆగిపోయింది అన్న ప్రశ్నలకు అందరికీ ఒకే గడియారం కావాలి. డబ్బు జమాఖర్చుకూ ఒకే రోజు కావాలి. దాంతో ఒకే తేదీకి రెండు అంకెలు వస్తాయి, అవి ఎప్పటికీ కలవవు. వాటిని కలపాలని తంటాలు పడే బదులు ఏ గ్రాఫ్ ఏ రోజును లెక్కించిందో దాని మీదే రాసిపెట్టడం మేలు. చదివిందా లేదా అని ఆ అమ్మాయి గురించి అడిగేటప్పుడు మాత్రం విజయవాడ సోమవారమే సోమవారం.