సర్పికి తల, తోక కలవవు

మా బాబాయికి నడుం మీద సర్పి లేచిన వారానికి పిన్ని ఫోన్ చేసింది. అడిగిన మొదటి మాట మందు గురించి కాదు. "వెన్ను దగ్గర మొదలై పొట్ట మీదకి పాకిందే. తల, తోక కలిస్తే మనిషి దక్కడంటారు, నిజమేనా?" అని. ఈ మాట మీ ఇళ్లలోనూ వినే ఉంటారు.

"కలవదు పిన్నీ. ఎడమవైపు లేచింది బొడ్డు దగ్గర ఆగిపోతుంది చూడు" అన్నాను. ముప్ఫై ఏళ్లు ల్యాబులో సూక్ష్మజీవులతో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం ధైర్యంగానే చెప్పాను. ఎందుకు కలవదో మీకూ చెప్తాను. ఈ జబ్బు గుట్టంతా అక్కడే ఉంది.

బాబాయికి ఏడో ఏట, 1965లో, ఆటలమ్మ పోసింది. వేపమండల మీద పడుకోబెట్టారట, ఇంట్లో పోపు పెట్టడం మానేశారట. పొక్కులు మాడి, నీళ్లు పోశాక అమ్మవారు వెళ్లిపోయిందన్నారు. కానీ ఆ వైరస్ వెళ్లలేదు. చర్మంలోంచి నరాల వెంట ఎక్కి, వెన్నుపూసల పక్కనున్న నరాల ముడుల్లోకి చేరింది. గాంగ్లియాన్ అంటారు ఆ ముడిని. చర్మానికి తగిలిన వేడీ, నొప్పీ, దురదా మోసుకొచ్చే నరాల కణాలు కాపురముండేది అక్కడే. వైరస్ ఆ కణాల్లో చేరి, తన పిల్లల్ని పుట్టించడం మానేసి, ఒట్టి జన్యుపదార్థంగా నిద్రపోతుంది. కాపలా కాసేవి రక్తంలోని టి-కణాలు. అది కాస్త కదిలినా అణిచేస్తాయి. వయసు మీద పడ్డాక ఆ కాపలా సడలుతుంది. కొందరికి క్యాన్సర్ మందులో, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లో సడలిస్తాయి. అప్పుడు ఒక్క ముడిలో వైరస్ లేస్తుంది, తన నరం వెంటే చర్మానికి దిగివస్తుంది.

ఇప్పుడు పాము సంగతి. ఒక్కో ముడి చూసుకునేది ఒంటి మీద ఒక పట్టీ, అదీ ఒక పక్కదే. ఎడమ ముడికి కుడివైపు చర్మంతో పని లేదు. అందుకే సర్పి నడుం మధ్యగీతకి వచ్చి, ఎవరో గీసినట్టు ఆగిపోతుంది. ఒంట్లో శక్తి బాగా సన్నగిల్లినవాళ్లకి మాత్రం రక్తం ద్వారా ఒళ్లంతా చెదరొచ్చు, అప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ ప్రమాదానికీ తల, తోక కలవడానికీ సంబంధం లేదు.

విచిత్రం ఏమిటంటే, బాబాయికి ఆటలమ్మ పోసిన ఆ 1965లోనే ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే ఊళ్లో హోప్-సింప్సన్ అనే మామూలు ఊరి డాక్టరు ఒక వ్యాసం అచ్చువేశాడు. పదహారేళ్లుగా తన దగ్గరికొచ్చిన సర్పి రోగులందరినీ లెక్కపెట్టుకుని, ఇది బయటి నుంచి కొత్తగా అంటిన జబ్బు కాదు, ఆటలమ్మ వైరస్సే నరాల ముడుల్లో దాక్కుని మళ్లీ లేచిందని వాదించాడు. నాకు ఆయనంటే అసూయ. పెద్ద ప్రయోగశాలేమీ లేకుండా, రోగుల పుస్తకం పట్టుకుని సాధించాడు. తర్వాత 1984లో ఒకే మనిషి నుంచి ఆటలమ్మ అప్పుడూ సర్పి అప్పుడూ తీసిన వైరస్ జన్యుపదార్థాన్ని పోల్చి చూస్తే రెండూ ఒకటేనని తేలింది.

మళ్లీ మా ఇంటికొద్దాం. బాబాయికి పొక్కులు రావడానికి నాలుగు రోజుల ముందే ఎడమ పక్కటెముకల కింద మంట మొదలైంది. ఊళ్లో గ్యాస్ అన్నారు, మాత్ర ఇచ్చారు. గుండె ఏమోనని టౌన్లో ఈసీజీ తీయించారు, బాగానే ఉంది. అంతమందికీ కనపడనిది ఒక్కటే: వైరస్ ముందు ముడిని, నరాన్ని వాచేలా చేస్తుంది, చర్మానికి చేరేది తర్వాత. కాబట్టి పొక్కుకన్నా నొప్పి ముందొస్తుంది. చొక్కా తగిలినా భగ్గుమంటోందన్నాడు బాబాయి. చర్మం మీద ఏమీ లేకుండా, ఒకే పక్క, పట్టీలా అలా మండుతుంటే రోజూ చొక్కా విప్పి చూసుకోవాలి.

పొక్కులు లేచాక పిన్ని కుమ్మరి ఇంటికి తీసుకెళ్లి జాజుతో బొమ్మ వేయించింది. నేనేమీ అనలేదు, అప్పటికే అయిపోయింది కదా. రెండు మూడు వారాల్లో సర్పి దానంతటదే మాడుతుంది, పేరు జాజుకి వస్తుంది. పోయేది పేరు కాదు, సమయం. ఎసైక్లోవిర్ మాత్ర పొక్కు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దలకి మామూలుగా 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు. కిడ్నీ బాగోకపోతే డాక్టరు తగ్గిస్తారు. బాబాయికి ఐదో రోజున మొదలైంది. అప్పటికీ కొత్త పొక్కులు వస్తున్నాయి కాబట్టి ఇచ్చారు. అదే నుదుటి మీదో, ముక్కు కొస మీదో లేచి ఉంటే ఒక్క రోజు కూడా ఆగనిచ్చేదాన్ని కాదు. ముక్కు కొసకి వెళ్లే నరం కొమ్మే కంటికీ వెళ్తుంది. అక్కడ పొక్కు కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరికి ఆ పూటే వెళ్లాలి.

నేను చెప్పడం మర్చిపోయింది ఒకటుంది, దానికి ఇప్పటికీ నొచ్చుకుంటాను. మనవడు తాత పక్కలో పడుకునేవాడు. సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటదు. కానీ ఆ పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ ఎన్నడూ రానివాళ్లకి ఆటలమ్మ వస్తుంది. బుడాపెస్టులో బొకాయ్ అనే పిల్లల డాక్టరు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే దీన్ని గమనించాడు. పొక్కులు ఎండేదాకా గుడ్డ కప్పి ఉంచాలి, పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచాలి. పదిహేను రోజులకి మనవడి ఒళ్లంతా పొక్కులు. వాడు మూడు రోజులు గోక్కుని, నాలుగో రోజు క్రికెట్ బ్యాటు అడిగాడు.

మరో రెండు వారాలకి వాడి నాన్న, అంటే మా తమ్ముడికి పోసింది. ముప్ఫై ఎనిమిదేళ్లు, సిగరెట్లు కాలుస్తాడు, చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదు. వేడి దేశాల్లో పెద్దయ్యేదాకా రాకుండా మిగిలేవాళ్లు చాలామందే ఉంటారు. పిల్లలకి ఆటగా పోయేది పెద్దలకి అలా పోదు. అందులో ఇంట్లో ఒకరి నుంచి రెండోవాళ్లకి వచ్చింది ఇంకా తీవ్రంగా ఉంటుంది. "అమ్మవారికి మందేంట్రా, కోపమొస్తుంది" అని పిన్ని వద్దంది. పెద్దవాళ్లకి పొక్కు కనపడిన మొదటి 24 గంటల్లోనే మందు మొదలుపెట్టాలి. నాలుగో రోజు వాడికి దగ్గు మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 90. అప్పుడు కదిలారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. ఆటలమ్మ న్యుమోనియా. నరంలోకి ఎసైక్లోవిర్, ముక్కుకి ఆక్సిజన్, తొమ్మిది రోజులు ఆసుపత్రి. బయటపడ్డాడు. 

తమ్ముడు సిగరెట్ మానేశాడు, కనీసం నా ముందు. బాబాయి పొక్కులు మాడాయి, మంట మాడలేదు. ముడిలో నరం దెబ్బతింటే మూడు నెలలు దాటినా నొప్పి ఉండిపోతుంది. అరవై దాటినవాళ్లకి ఆ బెడద ఎక్కువ. గాబాపెంటిన్ వాడుతున్నాడు, కొంచెం మత్తుగా ఉంటుందంటాడు. యాభై దాటినవాళ్లకి ఈ సర్పిని ఆపే టీకా మన దేశంలోనూ 2023 నుంచి దొరుకుతోంది, రెండు డోసులు. ఖరీదైనదే. పిన్ని ఇప్పుడు దాని గురించి అడుగుతోంది, తనకోసం.

మొన్న వెళ్తే మండుటెండలో బాబాయి ఫ్యాను ఆపించి కూర్చున్నాడు. ఎడమవైపు గాలి తగిలితే చాలట. చొక్కా కుడి చేతికే తొడుక్కుని, ఎడమవైపు భుజం మీద ఊరికే వేసుకున్నాడు. మనవడు పక్కనే కూర్చుని, తాతకి కుడివైపు మాత్రమే విసనకర్రతో విసురుతున్నాడు.