లవంగాకు బీడీ

మూడు వారాలుగా దగ్గు తగ్గని పదహారేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఒక రైతు వనపర్తిలోని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వచ్చాడు. టీబీ ఏమోనని ఆయన భయం. కళ్లె పరీక్షలో ఏమీ తేలలేదు, ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. స్టెతస్కోపు పెట్టడానికి వంగినప్పుడు అబ్బాయి చొక్కా నుంచి డాక్టరుకు పొగ వాసన కొట్టింది. అందులో లవంగం ఘాటు కలిసి ఉంది.

డాక్టరు తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాడు. అబ్బాయి దాచలేదు. పైగా ధైర్యంగానే చెప్పాడు. "అది ఆయుర్వేదిక్‌ది సార్. లవంగాకుతోని చేస్తరు. పొగాకు ఉండదు. హీరో కూడ అదే తాగిండంట."

ఆ మాట ఎక్కడిదో డాక్టరుకు తెలుసు. 2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' వచ్చింది. అందులో మహేశ్ బాబు పాత్ర బీడీ తాగుతూ కనిపిస్తుంది. తనకు పొగ అలవాటు లేదని, మొదట మామూలు బీడీ తాగితే తలనొప్పి వచ్చిందని, తర్వాత లవంగం ఆకుతో చేసిన ఆయుర్వేద బీడీ వాడామని ఆ రోజుల్లోనే ఒక ఇంటర్వ్యూలో ఆయన చెప్పారు. దాచకుండా చెప్పిన మాటే అది. కానీ ఏ ఆకు కాలుతోందో కెమెరా చూపించదు. తెర మీద కనిపించేది బీడీయే. ఇంటర్వ్యూ ముక్క మాత్రం ఫోన్లలో విడిగా తిరుగుతూ, బీడీ అడుగుతున్న పిల్లవాడికి 'ఇది తాగితే ఏం కాదు' అన్న హామీ అయిపోయింది.

కాలేది ఏ ఆకైనా తారు, కార్బన్ మోనాక్సైడ్ తప్పవు. లవంగాకులో లేనిది నికోటిన్ ఒక్కటే. 2000లోనే అమెరికా వాణిజ్య కమిషన్ హెర్బల్ సిగరెట్ల ప్రకటనల్లో తారు, కార్బన్ మోనాక్సైడ్ పేర్లతో హెచ్చరిక వేయించింది.

ఇదంతా అబ్బాయికి మాటలతో చెబితే ఎక్కదని డాక్టరు అరచేతిలో పట్టే చిన్న మిషను తీశాడు. గట్టిగా ఊపిరి పీల్చి, పదిహేను సెకన్లు బిగబట్టి, మెల్లగా గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో అంకె పడుతుంది. ముందు తండ్రిని లోపలికి పిలిచి ఊదించాడు. ఆయన పొగ ముట్టడు. 2 పడింది. అబ్బాయి ఊదితే 17 వచ్చింది. పొగ తాగనివాళ్లకు మామూలుగా ఐదారు దాటదు. ఈ వాయువు ఆక్సిజన్‌కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, ఆక్సిజన్‌కు చోటివ్వదు. అబ్బాయి ఆ అంకెను చాలాసేపు చూశాడు.

అప్పుడు డాక్టరు అసలు ప్రశ్న అడిగాడు. "పొద్దుగాల లేచినంక ఎంతసేపటికి తాగుతవ్ బిడ్డా?"

"లేవంగనే సార్."

లేవగానే కావాలనిపించడం నికోటిన్ గుణం. లవంగాకుకు ఆ శక్తి లేదు. నిలదీస్తే సంగతి బయటపడింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్ అయిపోయినప్పుడల్లా హాస్టల్ పక్క దుకాణంలో మామూలు బీడీలు కొంటున్నాడు. ఈమధ్య అవే ఎక్కువయ్యాయి. చేయి, గొంతు లవంగాకుతో అలవాటు పడ్డాయి, ఆ తర్వాత పొగాకు వచ్చి అదే చోట కూర్చుంది.

తెర మీద హెచ్చరిక ఉంటుంది కదా అని తండ్రి అడిగాడు. ఉంటుంది. సినిమాకు ముందు, మధ్యలో ముప్పై సెకన్ల ప్రకటనలు, పొగ తాగే దృశ్యం కింద అక్షరాలు ఉండాలన్న నిబంధనలు థియేటర్లకు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ వర్తించాయి. అబ్బాయి ఫోన్‌లో ఉన్నది మాత్రం ఎవరో కోసి పెట్టిన నిలువు ముక్క. వెడల్పు తెరను నిలువుగా కోస్తే కింది వాక్యానికి రెండు కొసలూ తెగిపోతాయి, మిగిలిన నడిమి ముక్క మీద ఖాతా పేరు, పాట పేరు వచ్చి కూర్చుంటాయి. డాక్టరు ఫోన్ తీసుకుని చూస్తే ఆయనకు చదవగలిగినట్టు మిగిలినవి మూడు అక్షరాలు. ముప్పై సెకన్ల ప్రకటన ఆ క్లిప్‌లో రానే రాదు.

చూసినంత మాత్రాన తాగుతారా అంటే, ఢిల్లీలో 12 బడుల్లో దాదాపు నాలుగు వేల మంది పిల్లలతో చేసిన అధ్యయనం ఉంది. హిందీ సినిమాల్లో పొగాకు దృశ్యాలు బాగా చూసినవారిలో పొగాకు ముట్టినవాళ్లు, తక్కువ చూసినవారికంటే రెండింతలకు పైగా ఉన్నారు. ఇష్టపడి చూసేవాళ్లే ముందే అటు మొగ్గినవాళ్లు కావచ్చన్న సందేహం దానికీ ఉంది. అయినా 2012లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక అన్ని ఆధారాలూ తూచి, సినిమాల్లోని పొగకూ పిల్లలు మొదలుపెట్టడానికీ కార్యకారణ సంబంధమే ఉందని తేల్చింది.

రెండు వారాల తర్వాత అబ్బాయి దగ్గు తగ్గి వచ్చాడు. అంకె 4. గద్వాల వెళ్లే బస్సులో రెండు తాగానని తనే ఒప్పుకున్నాడు. మరుసటి గురువారం డాక్టరు నాగర్‌కర్నూల్ వెళ్తే ఆ అబ్బాయి హాస్టల్ స్నేహితుడి ఊరి పిల్లలు నలుగురు మిషను చూడాలని కాచుకుని ఉన్నారు. ఊదకముందే ఒకడు అడిగాడు. "సార్, పొద్దుగాల తాగింది గూడ చూపిస్తదా?"

నాలుగైదు గంటలకు సగం పడిపోతుందని డాక్టరు చెప్పాడు. అప్పుడు సాయంత్రం ఐదు. ఆ రోజు నుంచి చీటీ మీద అంకె పక్కన, చివరిది ఎన్నింటికి తాగారో కూడా రాస్తున్నాడు.