మూసుకునే త్రిభుజం

హిమాయత్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంటాను. కిందటేడు పాత విద్యార్థిని ఒకమ్మాయి వచ్చింది, ఇప్పుడు ఎమ్మెస్సీ. "గ్రాఫీన్‌లో రెండు బ్యాండ్లూ సరిగ్గా ఒక బిందువు దగ్గరే ఎందుకు తాకుతాయి సార్? లెక్క చేస్తే వస్తోంది, కారణమే అందడం లేదు."

1947లో ఫిలిప్ వాలెస్ చేసిన లెక్క అది. తేనెపట్టు గీసి, మూలలకి ఒకటి విడిచి ఒకటి ఎ, బి అని పేర్లు పెట్టాను. ప్రతి ఎ కార్బన్ చుట్టూ మూడు బి కార్బన్లు. ఎలక్ట్రాన్ తరంగం మూడు వైపుల నుంచీ వస్తుంది, ఒక్కో వైపుకీ ఒక్కో ఫేజు. వాటిని బాణాలుగా గీసి కూడితే వచ్చే పొడవే బ్యాండ్ల మధ్య ఎడం. కె బిందువు దగ్గర బాణాలు 120 డిగ్రీల తేడాతో తిరిగి త్రిభుజంగా మూసుకుంటాయి. మొత్తం సున్నా, ఎడమూ సున్నా.

తరంగాన్ని కొంచెం మారిస్తే, మార్చినంత మేరకే త్రిభుజంలో సందు పడుతుంది. శక్తి ఆ సందుతో పాటే పెరుగుతుంది, దాని వర్గంతో కాదు. అందుకే బ్యాండు గిన్నెలా కాక శంకువులా ఉంటుంది. ఆ వాలే ఎలక్ట్రాన్ వేగం: సెకనుకి సుమారు 1000 కిలోమీటర్లు.

"మరి రేకుని లాగితే?"

"బాణాల పొడవులు మారతాయి. అయినా త్రిభుజం కుదురుతుంది కదా! బిందువు పక్కకి జరుగుతుందంతే. ఒక బాణం మిగతా రెండిటి మొత్తాన్ని మించితేనే ఎడం తెరుచుకుంటుంది."

ఆమె కాసేపాగి, "బోరాన్ నైట్రైడ్‌దీ ఇదే తేనెపట్టు. అది ఇన్సులేటర్ కదా?" అంది.

అక్కడా త్రిభుజం మూసుకుంటుంది. కానీ ఎ దగ్గర బోరాన్, బి దగ్గర నైట్రోజన్. బాణాలు రద్దయినా ఆ రెండు పరమాణువుల సొంత శక్తుల తేడా మిగిలిపోతుంది.