మహల్ స్తంభం ఎన్ని జానలు?

మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్‌కి బడి పిల్లల్ని తీసుకెళ్తే ఒక్క స్తంభం చాలు. ముందు దూరంగా కూర్చోబెట్టి బొమ్మ గీయించండి. తర్వాత కాపలావాళ్ళని అడిగి, అరచేత్తో తాకించండి. నున్నగా తగిలేది రాయి కాదు, సున్నపు పూత. పెచ్చులు లేచినచోట మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి.

ఇక కొలత. ప్లాస్టిక్ తాడు సాగుతుంది, జనపతాడే మేలు. పిల్లల ఛాతీ ఎత్తులో చుట్టి, ఆ తాడుని ఒకే పిల్లవాడి జానతో కొలవాలి. రెండోసారి చుట్టినప్పుడు లెక్క మారితే ఎక్కడో తాడు ఏటవాలుగా పడిందన్నమాట. చుట్టూ 22 జానలు వస్తే అడ్డం 7 జానలు; పై తరగతివాళ్ళకి ఈ లెక్క తెలిసిందే. ఆ 7 జానలు నేలమీద సుద్దతో గీసి, పక్కన ఒకణ్ణి పడుకోబెట్టండి. ఇందాకటి బొమ్మలో స్తంభం ఎంత సన్నగా వచ్చిందో వాళ్ళే చూసుకుని, మళ్ళీ గీస్తామంటారు.