తులం అంటే ఎంత?



పోయిన రంజాన్ నెలలో మేం నలుగురం రాత్రి పూట చార్మినార్ చూడబోయినం. పట్నంల చదువుతున్నామన్న మాటే గానీ పాతబస్తీకి మేం కూడా టూరిస్టులమే. అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగి, నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిచినం. పదకొండు దాటినా అడుగు తీసి అడుగు పెట్టే సందు లేదు. ఒట్టిగ చూసొద్దామని పోలే. మాల ఒకడి అన్నకు ఉట్నూరు దిక్కు పెళ్లి. మొదటి సంవత్సరం మా నలుగురి పుస్తకాలకు పైసలు పెట్టింది ఆ అన్ననే. ఆయనకు అత్తరు ఇద్దామని 600 జమ చేసినం. తిరిగొచ్చే బస్సు చార్జీ కూడా అందులోదే.

గుల్జార్ హౌజ్ దగ్గర ఒక అత్తరు దుకాణం ముందు ఆగినం. పెద్ద సీసాల మీద చీటీలు అతికించి ఉన్నయి. గులాబీ సీసా మీద 150, పక్కనే ఖస్ సీసా మీద 480. ఖస్ అంటే వట్టివేరు. అంకెల కింద ఉర్దూల ఏదో చిన్నగ రాసి ఉంది, మాకు చదవరాలే. గులాబీ అగ్గువ, ఖస్ పిరం అనుకున్నం. అద్దాల పెట్టెల ఉన్న పెద్ద ఖాళీ సీసా చూపించి, "చాచా, గులాబీ ఇందులో నింపుర్రి" అన్నం.

చాచా గాజు గొట్టంతోటి మెల్లగ నింపి, మూత బిగించి, "ఛే సౌ" అన్నడు.

మాకు గుండె ఆగినట్టయింది. చీటీ మీద 150 ఉంటే 600 ఎట్లయితది? ఊర్ల సంతల కూడా ఇట్లనే, అడవి నుంచొచ్చినోళ్లని చూడంగనే లెక్క మారుతది. ఆ కోపం మాకు కొత్తది కాదు. మాల ఒకడు గొంతు పెంచిండు, పక్క గిరాకీలు తిరిగి చూసిన్రు.

చాచా కోపం చేయలే. "దేఖో బేటా" అని నాలుగు చిటికెన సీసాలు తీసి మా పెద్ద సీసా పక్కన వరుసగా పెట్టిండు. ఒక్కోటి 3 మి.లీ. 150 అన్నది ఆ చిన్న సీసా ధర. మేం నింపించుకున్నది తోలా సీసా, 12 మి.లీ. అంటే నాలుగు చిన్న సీసాలు, 600. మరి ఖస్ మీద 480? అది తోలా ధర. రెండు చీటీలు రెండు కొలతలవి!

అప్పుడు కాగితం మీద వేసుకున్నం. గులాబీ 150ని 3తో భాగిస్తే మిల్లీలీటరు 50. ఖస్ 480ని 12తో భాగిస్తే 40. మేం పిరం అనుకున్నదే అగ్గువ.

కానీ మావోడికి ఇంకో అనుమానం. "అమ్మ బంగారం కొంటే తులం 10 గ్రాములే కదా, ఇక్కడ 12 ఎందుకు?" నిజమే. పాత తులం 11.66 గ్రాములు. మెట్రిక్ కొలతలొచ్చినంక బంగారం దుకాణాలు దాన్ని 10కి తెచ్చినయి. అత్తరోళ్లు 12 మి.లీ. పట్టుకున్నరు. గ్రాము వేరు, మిల్లీలీటరు వేరు. నూనె నీళ్ల కంటే కొంచెం తేలిక. గంధం నూనె 12 మి.లీ. తూచితే దాదాపు ఆ పాత తులమే వస్తది. అన్ని నూనెలు ఒకే బరువుండవు కాబట్టి ఇది ఉజ్జాయింపే అనుకోండి.

ఇంకో మాట చాచానే చెప్పిండు. కొన్ని దుకాణాల్ల తోలా అని 10 మి.లీ. సీసానే ఇస్తరంట. అప్పుడు అదే 480కి మిల్లీలీటరు 48 పడ్తది. అందుకే తోలా ఎంత అని కాదు, సీసా ఎన్ని మిల్లీలీటర్లు అని అడగాలె. అంకె అదే ఉన్నా సీసాతోనే ధర మారిపోతది.

గొంతు పెంచినోడు తలకాయ వంచుకొని "మాఫ్ కరో చాచా" అన్నడు. చాచా నవ్వి గులాబీని మళ్లీ పెద్ద సీసాల పోసి, వేరే సీసాల ఖస్ నింపిండు. చెయ్యి వెనక కొంచెం రాసిండు. వాన పడ్డంక మా వాగు ఒడ్డున గడ్డి పీకితే వచ్చే వాసన. ఈ సీసానే కొనాలని నలుగురం ఒక్కసారే అన్నం.

480 ఇచ్చినం, 120 మిగిలింది. బస్సుకు పక్కన పెట్టి ఇరానీ హోటల్ల చాయ్ తాగుదామని కూసున్నం. గోడ మీద ఉస్మానియా బిస్కెట్ల ధర రాసి ఉంది. మావోడు దాన్ని చూసి, హోటలాయనను పిలిచి, "అన్నా, ఇది ఒక్కదానికా, ప్లేటుకా?" అన్నడు.