పలకని చిప్పును పారేసే ముందు

ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు నీళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు పోసినప్పుడే ట్యాంకు నింపుకోవాలి, నిండాక మోటారు కట్టకపోతే ఆ నీళ్లూ మిద్దె మీద నుంచి పొర్లిపోతాయి. అందుకే హాస్టల్ ట్యాంకు నిండగానే బజర్ మోగే బోర్డు ఒకటి మా రూము వాళ్లం ముగ్గురం కలిసి చేశాం. ఆర్డుయినో ఊనో బోర్డు మొత్తం అక్కడ పెట్టేస్తే ప్రాక్టికల్స్‌కు ఉండదు. కాబట్టి అందులో ఉండే ఏటీమెగా328పి చిప్పును విడిగా కొని, పక్కన 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు చిన్న కెపాసిటర్లు పెట్టి డాట్ బోర్డు మీద సోల్డర్ చేశాం. చిప్పును మాత్రం సాకెట్‌లో పెట్టాం. ఉన్నది ఒకటే చిప్పు. మేం అడిగిన షాపుల్లో ఇంకోటి లేదు. పోతే ఒంగోలు పోయి తేవాలి.

ముందు ఎల్ఈడీ ఒక సెకను వెలిగి ఒక సెకను ఆరే ప్రోగ్రాం ఎక్కించాం. ఎల్ఈడీ వెలగలేదు. ఐదు సెకన్లు, పది సెకన్లు చూసి చాలామంది ఇక్కడే వైరు పీకేస్తారు. మేం అలాగే వదిలేసి చూస్తూ కూర్చుంటే ఎల్ఈడీ వెలిగింది. ఫోన్‌లో టైం పెట్టి చూస్తే 16 సెకన్లు వెలుగుతోంది, 16 సెకన్లు ఆరుతోంది.

ఆ 16 అంకెలోనే జవాబు ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త చిప్పు మనం పెట్టిన క్రిస్టల్‌ను అసలు చూడదు. లోపల దానికి సొంత 8 మెగాహెర్ట్జ్ క్లాకు ఉంటుంది, దాన్ని కూడా ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామేమో 16 అనుకుని లెక్క వేసింది. అందుకే ప్రతి పనీ 16 రెట్లు నిదానం. సీరియల్ మానిటర్‌లో పిచ్చి అక్షరాలు రావడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. అంటే చిప్పు బాగానే ఉంది, క్లాకు సెట్టింగే వేరే ఉంది.

ఆ సెట్టింగ్ ఫ్యూజు అనే ఒక బైటులో ఉంటుంది. పేరు చూసి కాలిపోయే ఫ్యూజు అనుకోకండి, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కొత్త చిప్పులో దాని విలువ `0x62`. బయటి క్రిస్టల్ వాడాలంటే `0xff` రాయాలి. యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో ఇలా రాశాం:

```
avrdude -c usbasp -p m328p -B 10 -U lfuse:w:0xff:m
```

రాయడం అయింది. ఆ తర్వాత ఎల్ఈడీ పూర్తిగా ఆగిపోయింది, ఈసారి ఎంతసేపు చూసినా వెలగలేదు. మళ్లీ ప్రోగ్రామర్ పెడితే `target doesn't answer` అని వచ్చింది. చూస్తున్న ఒకడు "కాలిపోయింది పోరా" అన్నాడు.

కానీ రెండు నిమిషాల ముందు ఇవే వైర్లతో, ఇదే కరెంటుతో చిప్పు జవాబిచ్చింది. మధ్యలో మారింది ఫ్యూజు ఒక్కటే. ఫ్యూజు రాస్తే చిప్పు కాలదు. ఇప్పుడది లోపలి క్లాకు వదిలేసి క్రిస్టల్ కోసం ఎదురుచూస్తోంది, క్రిస్టల్ ఏమో ఊగడం లేదు. క్లాకు లేకపోతే చిప్పు ప్రోగ్రామర్ మాట కూడా వినలేదు. అందుకే ఫ్యూజును వెనక్కి మార్చడానికీ దారి మూసుకుపోయినట్టు కనపడుతుంది.

దారి ఉంది. చిప్పుకు బయటి నుంచి మనమే క్లాకు ఇవ్వాలి. చిప్పును సాకెట్ నుంచి తీసి బ్రెడ్‌బోర్డు మీద పెట్టాం, క్రిస్టల్ లేకుండా. ప్రాక్టికల్స్ ఊనోలో ఈ ప్రోగ్రాం ఎక్కించాం:

```
void setup() {
  DDRB |= (1 << PB1);
  TCCR1A = (1 << COM1A0);
  TCCR1B = (1 << WGM12) | (1 << CS10);
  OCR1A = 7;
}
void loop() {}
```

దీంతో ఊనో 9వ పిన్ మీద 1 మెగాహెర్ట్జ్ చదరపు అల వస్తుంది. ఆ పిన్ నుంచి ఒక వైరు మన చిప్పు 9వ కాలికి, అంటే క్రిస్టల్ మొదటి కాలికి ఇవ్వాలి. రెండింటి గ్రౌండూ కలపాలి, లేకపోతే పని చేయదు. ప్రోగ్రామర్ వైర్లు ఎప్పటిలాగే. తర్వాత రాయకుండా, చదవమని మాత్రమే అడిగాం:

```
avrdude -c usbasp -p m328p -B 10 -U lfuse:r:-:h
```

ఈసారి చిప్పు తన గుర్తు `0x1e950f` అని చెప్పింది, ఫ్యూజు `0xff` అని చూపించింది. ఇక్కడ ఆ ఫ్యూజు విలువలో చివరి అక్షరం చూడండి. `2` ఉంటే లోపలి క్లాకు. `f` ఉంటే క్రిస్టల్. `0` ఉంటే క్రిస్టల్ కాదు, బయటి నుంచి తయారైన క్లాకు రావాలని అర్థం, అప్పుడు ఎంత మంచి క్రిస్టల్ పెట్టినా చిప్పు లేవదు, తప్పు సెట్టింగ్‌దే. మాకు `f` వచ్చింది. అంటే చిప్పు బతికే ఉంది, సెట్టింగూ సరైనదే. ఇక మిగిలింది డాట్ బోర్డు మీద క్రిస్టల్, దాని రెండు కెపాసిటర్లే.

లైటు పెట్టి ఆ కెపాసిటర్ల మీద చూస్తే 221 అని ఉంది. షాపులో కట్టిచ్చిన పొట్లం మీద 22 అనే రాసి ఉంది. ఈ అంకెల్లో మూడోది ఎన్ని సున్నాలో చెబుతుంది. 22 అన్నా, 220 అన్నా 22 పీకోఫారడ్లే. 221 అంటే 22 పక్కన ఒక సున్నా, 220 పీకోఫారడ్లు. మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ రేంజి ఉంటే 221 సుమారు 0.22 నానోఫారడ్ చూపిస్తుంది.

క్రిస్టల్‌కు ఈ రెండూ కలిసి ఎంత భారంగా తగులుతాయో లెక్క ఇది:

```
CL = (C1 × C2) / (C1 + C2) + Cs
```

`Cs` అంటే బోర్డు దారులు, కాళ్ల వల్ల వచ్చేది, సుమారు 5 అనుకోండి. 22 రెండు పెడితే 11, దానికి 5 కలిపితే 16 పీకోఫారడ్లు. ఇలాంటి క్రిస్టల్స్ చాలావాటికి 18 లేదా 20 కావాలి, కాబట్టి దగ్గరే. ఆ కొంచెం తేడా వల్ల క్లాకు ఒక పిసరు జరుగుతుంది గానీ ఆగదు. 221 రెండు పెడితే 110, దానికి 5 కలిపితే 115. ఉయ్యాలను చిన్న చిన్న తోపులతో ఊపుతాం కదా, దానికి తడి ఇసుక మూట కడితే ఆ తోపులకు అది కదలదు. చిప్పు లోపలి ఆంప్లిఫయర్ తోపు కూడా చిన్నదే. ఈ చిప్పు డేటాషీట్ ఒక్కో కెపాసిటర్ 12 నుంచి 22 పీకోఫారడ్ల మధ్య ఉండాలంటుంది.

రెండూ పీకేసి, పాత రేడియో బోర్డు నుంచి తీసిన 22లు వేశాం, కాళ్లు పొట్టిగా కత్తిరించి క్రిస్టల్ పక్కనే. చిప్పును సాకెట్‌లో పెట్టగానే ఎల్ఈడీ సెకను వెలిగి సెకను ఆరింది. ఫ్యూజును మళ్లీ ముట్టుకోలేదు.

ఒక మాట. కొన్ని బోర్డులు క్రిస్టల్ కాలికి వేలు తగిలిస్తే మొదలవుతాయి, లేదా ఆగిపోతాయి. వేలు కూడా కొన్ని పీకోఫారడ్లు కలుపుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అలాంటి బోర్డు ఇవాళ నడిచినా నమ్మి ట్యాంకు మీద పెట్టకండి, కెపాసిటర్లు చూడండి. ల్యాబులో ఆసిలోస్కోపు ఉన్నా ప్రోబు క్రిస్టల్ కాలికి పెడితే ఇదే గొడవ, ప్రోబు భారం పది పీకోఫారడ్ల పైనే ఉంటుంది.

ఇలా మూలన పడేసిన చిప్పులు మీ హాస్టళ్లలో కూడా ఉంటే పారేయకండి. ముందు క్లాకు ఇచ్చి, ఫ్యూజు చదివి, ఏ అక్షరం వచ్చిందో కింద కామెంట్‌లో పెట్టండి. మార్కాపురం చుట్టుపక్కల ఊనో లేని వాళ్లు ఆదివారం మా రూముకు తెచ్చుకోండి, కలిసి చూద్దాం.